యాభై మందికి మధ్యాహ్న భోజనం: వంటమనిషా, కేటరరా, సగం సగమా?

ఆఫీసులో యాభై మంది ఉన్నారు. భోజనాలకని కంపెనీ నెలకు ఎనభై వేలు ఇస్తుంది, అంతకు మించి పైసా రాదు. నెలకు 22 పని దినాలు. కాగితం మీద భాగిస్తే ప్లేటుకు దాదాపు 73 రూపాయలు వస్తాయి. విశాఖలో మామూలు హోటల్లో ప్లేటు భోజనం వంద దాటిపోయిన రోజుల్లో ఇది తక్కువే. అలాగని చేతులెత్తేయాల్సినంత తక్కువ కూడా కాదు. రుషికొండ వైపు చిన్న ఐటీ కంపెనీలకూ, ఆటోనగర్‌లో వర్క్‌షాపు పక్కనున్న ఆఫీసులకూ, ద్వారకానగర్‌లో ఒక అంతస్తు అద్దెకు తీసుకున్న సంస్థలకూ ఇదే లెక్క ఎదురవుతుంది.

మొదటి మీటింగులోనే మాట మెనూ మీదికి వెళ్లిపోతుంది. ఒకరు వారానికోసారి బిర్యానీ అంటారు, ఇంకొకరు చపాతీ ఉండాల్సిందే అంటారు. ఈ గోల కాసేపు పక్కన పెట్టండి. ముందు తేలాల్సింది వంట ఎవరు చేస్తారన్నది. దారులు మూడే. సొంత వంటమనిషిని పెట్టుకోవడం, కేటరర్ నుంచి పూర్తి భోజనం తెప్పించుకోవడం, లేదా అన్నం, పప్పు, చారు ఆఫీసులో వండి కూర మాత్రం బయట కొనడం. కూపన్ల దారి ఒకటుంది కానీ ఈ బడ్జెట్‌కి అది పనికిరాదు. 73 రూపాయల కూపన్‌తో బయట భోజనం రాదు, జనం టిఫినుతో సరిపెట్టుకుంటారు.

## వేటిని బట్టి ఎంచుకోవాలి

నా లెక్కలో నాలుగు విషయాలు చూస్తే చాలు. మిగతావన్నీ వాటి వెనకే వస్తాయి.

మొదటిది తలల లెక్క. హాజరు పట్టీలో యాభై మంది ఉంటే రోజూ తినేది 42 నుంచి 44 మందే. సెలవులు, ఫీల్డు పనులు, ఇంటి క్యారేజీలు, ఉపవాసాలు అన్నీ కలిసి ఆరు నుంచి ఎనిమిది మందిని తగ్గిస్తాయి. వాన పట్టిన రోజు ఇంకో నలుగురు తగ్గుతారు. తినేవాళ్లు తగ్గినప్పుడు ఖర్చు కూడా తగ్గుతుందా లేదా అన్నది మూడు దారుల్లో మూడు రకాలుగా ఉంటుంది. డబ్బు విషయంలో అసలు తేడా ఇక్కడే పడుతుంది.

రెండోది, ఒకే వంటలోంచి వేర్వేరు తిండి అలవాట్లకు ఎంతవరకు సర్దగలం అన్నది. మూడోది పొయ్యి దించడానికీ ప్లేటులో పడడానికీ మధ్య గడిచే సమయం. నాలుగోది, వండేవాళ్లు రాని రోజు ఏం చేస్తామన్నది. దీన్ని ముందు ఎవరూ అడగరు. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యాక అందరికీ గుర్తొస్తుంది.

## ముందు ఒక చీటీ రాయించుకోండి

ఏ దారి పట్టినా ముందు ఎవరేం తింటారో తెలియాలి. "మీరు వెజ్జా, నాన్‌వెజ్జా?" అని అడిగితే వచ్చే జవాబుతో వంట నడవదు. అడగాల్సింది ఇలా: ఏ ఏ రోజుల్లో మాంసం తినరు? గుడ్డు తింటారా? ఉల్లి, వెల్లుల్లి తింటారా? అన్నం తగ్గించాలనుకుంటున్నారా? వేరుశనగ, రొయ్యల్లాంటివి ఏవైనా పడవా?

ఉదాహరణకు ఒక యాభై మంది జట్టు తీసుకుందాం. అసలు మాంసం ముట్టనివాళ్లు తొమ్మిది మంది, వాళ్లలో ఇద్దరు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. గుడ్డు వరకు తినేవాళ్లు ఆరుగురు. మిగిలిన 35 మంది నాన్‌వెజ్. ఈ 35 అన్న సంఖ్య చూసి మురిసిపోతే కష్టం. సోమవారం శివుడని కొందరు, మంగళవారం ఆంజనేయుడని కొందరు, గురువారం సాయిబాబా అని ఇంకొందరు, శుక్రవారం ఆడవాళ్లలో కొందరు, శనివారం ఆఫీసు ఉంటే వెంకటేశ్వరస్వామి పేరు చెప్పి చాలామంది తప్పుకుంటారు. అందరివీ కలిపి చూస్తే అభ్యంతరాలు తక్కువున్న రోజు బుధవారం. చికెన్ పెడితే ఆ రోజే పెట్టాలి. గుడ్డుకు పట్టింపు కాస్త తక్కువ కాబట్టి శుక్రవారం వేసుకోవచ్చు.

కార్తీకమాసం వస్తే ఈ లిస్టు తలకిందులవుతుంది. 35లో సగం మంది నెలపాటు వెజ్‌కి మారిపోతారు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండకూడదు. చాలామంది స్వాములు ఆఫీసు గిన్నెలోంచి అసలు తినరు, పెరుగు, పండ్లతో గడుపుతారు లేదా భిక్షకు వెళ్తారు. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్ల పేర్లు లెక్కలోంచి తీసేయాలి. ఈ రెండు నెలల్లో తినేవాళ్ల సంఖ్య, రకం రెండూ మారతాయని కేటరర్‌కైనా వంటమనిషికైనా ముందే చెప్పి ఉంచాలి.

ఇన్ని రకాలకు ఇన్ని వంటలు పెట్టుకుంటే యాభై మంది క్యాంటీన్ ఒక వారం కూడా నిలబడదు. నిలబడే పద్ధతి ఒకటే. అందరూ తినగలిగే వెజ్ ప్లేటు రోజూ ఉండాలి: అన్నం, పప్పు, ఒక కూర, చారు, పెరుగు, పచ్చడి. చికెన్, గుడ్డు, పుల్కా ఆ ప్లేటు మీద అదనంగా వచ్చే వంటకాలు. బుధవారం చికెన్ వద్దన్నవాళ్లకు అదే ఖర్చులో పనీర్ కూర ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ క్యాంటీన్ గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. చికెన్ తినేవాళ్లకు ముప్పై రూపాయల కూర పడి, తిననివాళ్లకు అప్పడం పడితే, రెండో నెలకల్లా "మా వాటా మాకు డబ్బుగా ఇచ్చేయండి" అన్న మాట వస్తుంది.

ఉల్లి, వెల్లుల్లి లేని ఇద్దరి కోసం వేరే పప్పు వండక్కర్లేదు. పప్పు ఉడికి, ఉప్పు, పసుపు, పులుపు పడ్డాక, పోపు వేయకముందే చిన్న గిన్నెలోకి నాలుగు గరిటెలు తీసేయాలి. దానికి ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, ఇంగువతో మూకుడులో ముందు పోపు పెట్టాలి. ఆ తర్వాత అదే మూకుడులో వెల్లుల్లి వేసి పెద్ద గుండిగకు పోపు వేయాలి. వరస తిరగబడితే మూకుడు కడగాల్సి వస్తుంది, హడావిడిలో ఎవరూ కడగరు. వడ్డన దగ్గర ఆ చిన్న గిన్నెకు వేరే గరిటె ఉండాలి. చారుకీ ఇదే పద్ధతి. ఆఫీసులో పొయ్యి ఉంటేనే ఇదంతా కుదురుతుంది. కేటరర్ క్యాన్‌లో వచ్చిన పప్పులోంచి వెల్లుల్లి ఏరలేం కదా.

షుగర్ ఉన్నవాళ్లు ప్రత్యేక వంట అడగరు, అన్నానికి బదులు ఏదైనా ఉందా అని మాత్రం అడుగుతారు. ఒడిశా, బెంగాల్, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లకూ రెండు పుల్కాలు ఉంటే సంతోషం. ఇద్దరికీ ఒకే మందు. అయితే పుల్కాలు ఆఫీసులో చేయించొద్దు. రోజూ ముప్పై పుల్కాలంటే మనిషికి దాదాపు గంట పని, అదీ సరిగ్గా వంట జోరుగా ఉన్న సమయంలో. ఇళ్ల దగ్గర చేసి లెక్కన అమ్మే ఆడవాళ్లు దాదాపు ప్రతి కాలనీలో ఉన్నారు, వాళ్ల దగ్గర తీసుకోవడమే నయం. షుగర్ వాళ్ల కోసం ఇంకొక్క జాగ్రత్త కావాలి: బంగాళదుంప కూర చేసిన రోజు పప్పులో ఆనపకాయో, బీరకాయో, తోటకూరో ఎక్కువ వేయించండి. దుంప, అన్నం కలిస్తే వాళ్లు తినడానికి ఏమీ మిగలదు.

"విశాఖలో ఉండి చేప లేకపోవడమేంటి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగడంలో న్యాయముంది కానీ ఈ బడ్జెట్‌లో చేప సరిపడదు. వంజరం ధర మన లెక్కకు అందదు. ధర అందే కానాగంతల్లో ముళ్లు ఎక్కువ, నలభై నిమిషాల లంచ్‌లో ఏరుకుంటూ తినలేరు. ముక్కలు సమానంగా రావు కాబట్టి తోక ముక్క పడ్డవాళ్ల మొహాలు చూడాల్సి వస్తుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలలు ఫిషింగ్ హార్బర్‌కు మరపడవల సరుకు రాదు, చెరువు చేపలు శీలావతి, బొచ్చెలే దిక్కు. ఏడాదికి రెండు మూడుసార్లు పండగలా చేపల పులుసు పెట్టుకోండి. పులుసు అయితే గంటసేపు గిన్నెలో ఉన్నా బాగుంటుంది, వేపుడు మెత్తబడిపోతుంది.

## సొంత వంటమనిషి

పైన చెప్పిన సర్దుబాట్లన్నీ పూర్తిగా కుదిరేది ఈ దారిలోనే. వెల్లుల్లి లేని గిన్నె, తక్కువ నూనె, ఆవపెట్టిన పనసపొట్టు కూర, దప్పళం, గోంగూర పచ్చడి, ఏదైనా మనం చెప్పినట్టు వస్తుంది. పన్నెండున్నరకు దింపిన పప్పు ఒంటిగంటకు ప్లేటులో ఉంటుంది. తిండి పాడవుతుందన్న టెన్షన్ ఉండదు.

చిక్కు జీతాల దగ్గర వస్తుంది. వంటమనిషికి 18 వేలు, వడ్డించి, గిన్నెలు తోమే సహాయకురాలికి 12 వేలు అనుకుందాం. తినేది 50 మందైనా 35 మందైనా ఆ 30 వేలు తగ్గవు. కమర్షియల్ గ్యాస్ 19 కిలోల సిలిండర్లు నెలకు రెండు, ఇంట్లో వాడే సిలిండర్ పెట్టి నడపడం నేరం కాబట్టి ఇందులో కక్కుర్తి పడకూడదు. వాటికి 3,800, సబ్బులు, చిన్న సామాన్లకు 1,700 వేసుకుంటే, ఒక్క గింజ కూడా కొనకముందే 35,500 పోయింది. అంటే బడ్జెట్‌లో దాదాపు 44 శాతం. వంద మందికి వండినా ఇంకో సహాయకుడు చాలు, కాబట్టి పెద్ద క్యాంటీన్లలో ఈ దారి చవక. యాభై దగ్గర మాత్రం అంచు మీద ఉంటుంది.

ఇంకో సంగతి. మంచి వంటవాళ్లకు శ్రావణం, మాఘం లాంటి ముహూర్తాల రోజుల్లో పెళ్లి వంటలకు రోజుకూలీ బాగా ముడుతుంది. ఆ రోజుల్లో "ఊరెళ్లాలి సార్" అన్న ఫోన్ తప్పదు. కోప్పడి లాభం లేదు. సహాయకురాలికి పప్పు, చారు, గుడ్డు కూర వరకు వండడం వచ్చి ఉండేలా చూసుకుంటే ఆ రోజు గడుస్తుంది. సహాయకురాలిని తీసుకునేటప్పుడే ఈ ప్రశ్న అడగండి.

## కేటరర్ భోజనం

ఆఫీసులో వంటగదికి చోటు లేకపోయినా, బిల్డింగ్ యజమాని గ్యాస్ పెట్టనివ్వకపోయినా ఇక మాట్లాడేది లేదు, ఇదే దారి. మన మనుషులు, మన గిన్నెలు, మన తలనొప్పి ఏమీ ఉండవు. వంటమనిషి రాకపోతే కేటరరే ఇంకొకరిని చూసుకుంటాడు.

కానీ ప్రతి కేటరరూ కనీస ప్లేట్లు అడుగుతాడు. యాభై మంది ఆఫీసుకు 45 ప్లేట్లకు తగ్గకుండా బిల్లు అంటాడు. ప్లేటు 76, దాని మీద 5 శాతం జీఎస్టీ, మొత్తం 80 రూపాయలు అనుకోండి. రోజూ 43 మందే తింటే రెండు ప్లేట్ల డబ్బు ఊరికే పోతుంది. నెలకు 44 ప్లేట్లు, మూడున్నర వేలు. కార్తీకమాసంలోనో, వరస సెలవుల వారంలోనో ముప్పై మందే వస్తే నష్టం ఇంకా ఎక్కువ. కాబట్టి ధర బేరమాడే ముందు కనీస ప్లేట్లను బేరమాడాలి. 78కి తగ్గించి 48 ప్లేట్లు గ్యారంటీ అడిగేవాడికన్నా, 80 తీసుకుని 40 ప్లేట్లకు ఒప్పుకునేవాడు మనకు చవక.

రెండో సంగతి దూరం. వంటశాల గాజువాక వైపు ఉండి ఆఫీసు మధురవాడలో ఉంటే వ్యాను ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటి రావాలి. ఒంటిగంట భోజనానికి వాళ్లు తొమ్మిదిన్నరకే వంట ముగించి పదిన్నరకు క్యాన్లు మూసేస్తారు. వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగా ఉన్నంతసేపు భయం లేదు. అంతకన్నా చల్లారి రెండు గంటలు దాటితే, అందులోనూ విశాఖ ఉక్కపోతలో, పప్పు, అన్నం, కొబ్బరి వేసిన కూరలు తొందరగా పాడవుతాయి. కొన్ని వందలకు దొరికే ఫుడ్ థర్మామీటర్ ఒకటి కొని పెట్టుకోండి. క్యాన్ మూత తీయగానే కడ్డీని అంచున కాకుండా మధ్యలోకి దించాలి. అన్నం పైపొర చల్లారినా లోపల వేడి ఉండొచ్చు. పప్పు మీద సన్నటి నురగ బుడగలు కదులుతూ కనిపిస్తే, గరిటెతో ఎత్తితే సాగుతున్నట్టు ఉంటే, వాసన ఇంకా మారకపోయినా వడ్డించొద్దు. గుమ్మడికాయ, ఆనపకాయ వేసిన పప్పుల్లో ఇది ముందుగా కనిపిస్తుంది.

నాణ్యత మెల్లగా జారుతుంది. నాకు తెలిసిన ఒక ఆఫీసులో మొదటి పది రోజులు సాంబారులో ములక్కాడలు, క్యారెట్లు తేలేవి. పదిహేనో రోజుకల్లా అది చింతపండు నీళ్లయింది. ధర అదే, కేటరర్ కూడా అదే. ప్లేటుకు కూర ఎన్ని గ్రాములో ముందు రాసుకోకపోతే అడగడానికి మన దగ్గర ఆధారం ఉండదు.

## సగం ఇక్కడ, సగం అక్కడ

అన్నం, పప్పు, చారు ఆఫీసులో వండుతారు. పెరుగు ముందురోజు సాయంత్రమే తోడు పెడతారు. కూర మాత్రం కర్రీ పాయింట్ నుంచో, ఇంట్లో వండి అమ్మే వాళ్ల నుంచో కిలోల లెక్కన వస్తుంది. వంటలో ఎక్కువ పని ఉండేది కూర దగ్గరే. కడగాలి, తరగాలి, వేయించాలి, కాపు కాయాలి. ఆ భాగం బయటికి పోతే పప్పు, చారు బాగా చేయగలిగే ఒక్క మనిషి చాలు. ఆమెకు 14 వేలు, గిన్నెలు తోమడానికి రెండు గంటలు వచ్చే మనిషికి 5 వేలు, ఒక సిలిండర్ 1,900, చిల్లర ఖర్చు 1,600. మొత్తం 22,500.

కూర మనిషికి 110 గ్రాములు చాలు, 43 మందికి నాలుగు కిలోల ఏడు వందల గ్రాములు. కిలో 140 అనుకుంటే ప్లేటుకు పదిహేనున్నర పడుతుంది. అదే కూర మనం వండితే పదిలోపే. కూర ఒక్కటే చూస్తే ఇది ఖరీదు. కానీ జీతాల్లో మిగిలేది దానికన్నా చాలా ఎక్కువ.

నష్టాలు కూడా చెప్పుకోవాలి. బయటి కూరలో నూనె మన చేతిలో ఉండదు. ఉల్లి, వెల్లుల్లి లేనివాళ్లకు ఆ కూర పనికిరాదు, వాళ్లు మన పప్పు, చారు, పెరుగుల మీదే ఆధారపడాలి. అందుకని వారంలో రెండు రోజులైనా ఉల్లి లేకుండా కూర చేయమని అమ్మేవాళ్లకు చెప్పాలి. దొండకాయ వేపుడు, అరటికాయ వేపుడు, కంద బచ్చలి లాంటివి ఉల్లి లేకుండానే బాగుంటాయి, అడిగితే ఒప్పుకుంటారు. ఒకే చోట కొంటే నెలలో కూరలన్నీ ఒకే రుచికి వచ్చేస్తాయి. ఇద్దరి దగ్గర రోజులు పంచుకుంటే రుచి మారుతుంది, ఒకరు మూసేసిన రోజు రెండోవారు ఆదుకుంటారు. ఇద్దరూ రాని రోజుకు అటకమీద మీల్‌మేకర్, శనగలు, బంగాళదుంపలు ఉండాలి. తుఫాను హెచ్చరికలు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ డబ్బాలు నింపి ఉంచుకోవడం మంచిది.

## లెక్క వేసి చూద్దాం

బడ్జెట్ 80,000, రోజూ తినేది 43 మంది, నెలకు 946 ప్లేట్లు. ధరలు నేను అనుకున్నవి: బియ్యం కిలో 58, కందిపప్పు 140, పాలు లీటరు 68, కూరగాయలు రైతుబజార్‌లో సగటున 45. మీ చోట వేరుగా ఉంటే మార్చుకోండి, లెక్క వేసే తీరు అదే. మనిషికి పచ్చి బియ్యం 130 గ్రాములు, కందిపప్పు 28 గ్రాములు, నూనె 18 గ్రాములు, పెరుగు 90 మి.లీ. వేసుకున్నాను. సొంత వంటలో వెజ్ ప్లేటు సరుకులకు 33 రూపాయలు, సగం సగంలో కొన్న కూరతో కలిపి 39 వచ్చింది.

| | సొంత వంటమనిషి | కేటరర్ | సగం సగం |
|---|---|---|---|
| నెలకు మారని ఖర్చు | 35,500 | లేదు, కానీ కనీసం 45 ప్లేట్లు | 22,500 |
| ప్లేటు ఖర్చు | 33 | 80 | 39 |
| నెలకు వెజ్ ప్లేట్ల మొత్తం | 66,700 | 79,200 | 59,400 |
| చికెన్, గుడ్డు, పుల్కాలకు మిగిలేది | 13,300 | 800 | 20,600 |
| వెల్లుల్లి లేని ప్లేటు | పూర్తిగా కుదురుతుంది | అడిగి తెప్పించాలి | పప్పు, చారు వరకు |
| దింపినప్పటి నుంచి వడ్డనకు | అరగంట | రెండు నుంచి మూడున్నర గంటలు | పప్పు అరగంట, కూర గంటన్నర |
| మనిషి రాని రోజు | మన సమస్య | వాళ్ల సమస్య | సగం మన సమస్య |

ఇప్పుడు అదనపు వంటకాలు. నాలుగు బుధవారాలు చికెన్ లేదా పనీర్. సొంతంగా వండితే ప్లేటుకు 30 చొప్పున 5,160, బయట కొంటే 42 చొప్పున 7,220. నాలుగు శుక్రవారాలు గుడ్డు కూర, 9 చొప్పున 1,550. రోజూ పదిహేను మందికి రెండేసి పుల్కాలు, ఒక్కోటి 8 రూపాయలు, నెలకు 5,280. పుల్కాలు తినేవాళ్లకు అన్నం సగమే పడుతుంది కాబట్టి బియ్యంలో వెయ్యి పైన తిరిగి వస్తుంది. ఇవన్నీ పోను సొంత వంటలో నెలకు 2,400 దాకా, సగం సగంలో 7,700 దాకా మిగులుతాయి.

ఆ 2,400 ఎంత బలహీనమో టమాటా ధర చూపిస్తుంది. టమాటా, ఉల్లి కలిసి పెరిగిన నెలలో ప్లేటుకు నాలుగు రూపాయలు ఎక్కువైతే 3,800 పోతాయి, బడ్జెట్ దాటిపోతాం. వంటమనిషి తెలివైనదైతే ఆ నెల టమాటా పప్పు ఆపి వేసవిలో మామిడికాయ, చింతచిగురు పప్పులు, మిగతా రోజుల్లో చుక్కకూర పప్పు తిప్పుతుంది. సగం సగంలో కూర ధర నెలకు మాట్లాడుకుని ఉంటాం కాబట్టి ఆ దెబ్బ మొదట అమ్మేవాళ్ల మీద పడుతుంది. వాళ్లు ధర పెంచకుండా కూరలో బంగాళదుంప పెంచుతారు. అది గమనిస్తూ ఉండాలి.

ఏ దారిలోనైనా మిగిలింది తూచి రాయాలి. లంచ్ అయ్యాక గుండిగలో అన్నం ఎంత ఉంది, బకెట్‌లో పారేసింది ఎంత, రెండూ వేర్వేరుగా. గుండిగలో రోజూ రెండు కిలోల అన్నం మిగులుతోందంటే పచ్చి బియ్యం ఆరేడు వందల గ్రాములు ఎక్కువ పోస్తున్నారని అర్థం. బకెట్ నిండుతోందంటే లోపం రుచిలో ఉంది, కొలతలో కాదు. చివరి పది మందికి కూర చాలడం లేదన్న ఫిర్యాదు వస్తే వెంటనే ఎక్కువ వండించకండి. ముందు గరిటె మార్చి చూడండి. సాంబారు గరిటెతో కూర వడ్డిస్తే మొదటి ఇరవై మంది దగ్గరే సగం గిన్నె ఖాళీ అవుతుంది.

## ఎవరికి ఏది

వంటగదికి చోటు, ఎగ్జాస్ట్ ఫ్యాను, నీళ్లు ఉండి, జట్టులో ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లు, షుగర్ వాళ్లు ఎక్కువగా ఉంటే సొంత వంటమనిషినే పెట్టుకోండి. బడ్జెట్ బిగువుగా ఉంటుంది, చికెన్ నెలకు మూడుసార్లకు తగ్గించాల్సి రావచ్చు. తిండి మాత్రం అందరికీ సరిపోతుంది. సంఖ్య అరవై, డెబ్బైకి పెరగబోతుంటే ఇంకా ఆలోచించక్కర్లేదు.

వంటగది లేని చోట, రోజూ హాజరు నిలకడగా ఉండే చోట కేటరర్ మంచిదే. ఎనభై వేలల్లో చికెన్ రాదు, దాన్ని ఉద్యోగులు సొంతంగా కొనుక్కునే అదనపు ప్లేటుగా పెట్టాలి. ఫీల్డు పనుల మీద బయట తిరిగేవాళ్లు ఎక్కువున్న ఆఫీసుకు మాత్రం కేటరర్ వద్దు, గ్యారంటీ ప్లేట్ల దగ్గరే డబ్బంతా కారిపోతుంది.

మిగతా ఆఫీసుల్లో ఎక్కువమందికి నేను సగం సగమే చెబుతాను. ఒక పొయ్యి, ఒక సింకు పట్టే చోటుంటే చాలు. అయితే ఆఫీసులో ఒక మనిషి దీన్ని రోజూ పట్టించుకోవాలి. సాయంత్రం అయిదింటికి వాట్సాప్ గ్రూపులో రేపు తినేవాళ్ల లెక్క తీసి, ఆరులోపు కూర ఆర్డరు చెప్పడం పావుగంట పని. ఆ పావుగంట ఇచ్చే మనిషి లేకపోతే ఈ దారి వారం తిరక్కుండా చెడుతుంది.

## ఒప్పుకునే ముందు

కేటరర్‌తోనైనా, కూరలవాళ్లతోనైనా నెల ఒప్పందానికి ముందు రెండు వారాలు నడిపి చూడండి. అందులో ఒక బుధవారం, ఒక సోమవారం తప్పక ఉండాలి. వాళ్ల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, పద్నాలుగు అంకెలది, అడిగి రాసుకోండి. వంట జరిగే చోటికి చెప్పకుండా ఒకసారి ఉదయం తొమ్మిదింటికి వెళ్లి రండి. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారు, నిన్నటి నూనె మళ్లీ మూకుడులో ఉందా, వెజ్, నాన్‌వెజ్ గరిటెలు వేరేగా ఉన్నాయా అన్నవి చూడండి.

కాగితం మీద ఇవి ఉండాలి: మనిషికి కూర ఎన్ని గ్రాములు, వారంలో బంగాళదుంప ఎన్నిసార్లకు మించకూడదు, ప్లేట్ల సంఖ్య మార్చడానికి ఆఖరి గడువు ఎంత, ఎన్ని గంటలకు రాకపోతే ఆ రోజు బిల్లులో ఎంత కోత. కార్తీకమాసం, రంజాన్ నెలలకు గ్యారంటీ ప్లేట్లు ఎన్నికి తగ్గుతాయో విడిగా రాయించండి. అప్పుడు అడిగితే ఎవరూ తగ్గించరు, ఇప్పుడు అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.